కుర్తీ మెడపట్టీ మీది కుట్టు ఎక్కడ పోయింది: 14 నెలల వాడకం తర్వాత

పర్లాకిమిడిలో మాకు చిన్న రెడీమేడ్ దుకాణం ఉంది. కొత్త కుర్తీ వచ్చినప్పుడల్లా దానిని హ్యాంగరుకు తగిలించి ఫొటో తీసి, మా మేనకోడలు తొడుక్కున్నట్టుగా ఆమె ఫొటో మీదికి ఎక్కించే ఏఐ పద్ధతిని, ఆమె ఒప్పుకోలుతోనే, 14 నెలలుగా వాడుతున్నాను. పాతపట్నం, టెక్కలి వైపు ఖాతాదారులు వాట్సాప్‌లో బొమ్మ చూసి ఆర్డరు ఇస్తారు కాబట్టి అచ్చు, కుట్టు ఉన్నవి ఉన్నట్టు రావాలి. ఈ సమీక్ష ఆ రెండింటి గురించే.

రంగు, కోత, గుడ్డ జారే తీరు చాలావరకు నమ్మదగ్గట్టే వస్తాయి. అరచేయంత పువ్వులున్న అచ్చు కూడా చెడదు. నన్ను ఇబ్బంది పెట్టినది ఒక ఇక్కత్ కుర్తీ. దాని ఛాతీ వరుసలో 11 చక్రాలు ఉన్నాయి, మెడపట్టీ చుట్టూ అంగుళానికి 6 చొప్పున తెల్లదారంతో చేతికుట్టు ఉంది. వచ్చిన బొమ్మలో చక్రాలు 9 అయ్యాయి, కుట్టు ఎడతెగని తెల్లగీతగా మారింది. చూడగానే తప్పు కనిపించదు, లెక్కపెడితేనే దొరుకుతుంది. ఆ బొమ్మను బరంపురం నుంచి గుడ్డ తెచ్చే పెద్దాయనకు చూపిస్తే ఆయన వేరే తప్పు పట్టారు: "బాబూ, ఇది అచ్చు వేసిన గుడ్డలా ఉంది. నూలు కట్టి రంగు వేసిన దానికి అంచు ఇంత పదునుగా ఉంటుందా?" నిజమే. ఇక్కత్‌లో రంగు అంచు కొద్దిగా చెదిరి ఉండడమే దాని గుర్తు, యంత్రం దానిని లోపమనుకున్నట్టుగా సరిచేసి పెట్టింది.

కుట్టు పోవడానికి కారణం మాత్రం లెక్కలో దొరికింది. ఈ ఏఐ నమూనాలు చాలావరకు బొమ్మను నేరుగా గీయవు. ముందు దానిని కుదించి, ఆ కుదింపులోనే పని చేసి, చివర మళ్ళీ విప్పుతాయి. బొమ్మలు గీసే స్టేబుల్ డిఫ్యూజన్ అనే ఏఐ తొలి తరాల మీద కట్టినవాటిలో 8×8 పిక్సెళ్ళ ముక్క ఒక గడిగా మారి, ఆ ముక్కలోని 192 విలువల స్థానంలో 4 మాత్రమే మిగులుతాయి. నా బొమ్మ 768×1024, అందులో 20 అంగుళాల ఛాతీ 400 పిక్సెళ్ళలో పడుతుంది, అంటే అంగుళానికి 20. ఒక్కో కుట్టుకు ఖాళీతో కలిపి 3 పిక్సెళ్ళకు కాస్త పైగా మాత్రమే దక్కుతాయి, ఒకే గడిలో రెండు కుట్లకు పైగా ఇరుక్కుంటాయి. గడి వాటిని విడివిడిగా గుర్తుంచుకోలేక గీతగా చేస్తుంది. గడికి 16 విలువలుంచే కొత్త నమూనాలలో నష్టం తక్కువే కానీ, ఈ కొలతలో వాటికీ తడబాటు తప్పదు.

దీనిని ముందే పసిగట్టడానికి నేను ఇప్పుడు ప్రతి కుర్తీకీ ఒక చిన్న పరీక్ష చేస్తున్నాను. కుర్తీ ఫొటోను, చివరి బొమ్మలో అది ఎంత పరిమాణంలో కనిపిస్తుందో అంతకు తగ్గించి, ఏఐ బొమ్మల సాఫ్ట్‌వేర్ `ComfyUI`లో మనిషి జోలికి పోకుండా, ఆ కుదింపు పని చేసే VAE భాగంతో మాత్రమే కుదించి విప్పుతాను:

```
Load Image → VAE Encode → VAE Decode → Save Image
Load VAE → VAE Encode, VAE Decode
```

ఈ రాకపోకలోనే కుట్టు కరిగిపోతే, బొమ్మ గీత ఏ యాదృచ్ఛిక సంఖ్యతో మొదలవుతుందో ఆ సీడ్‌ను ఎన్నిసార్లు మార్చినా అది తిరిగి రాదు. ఇది తెలియక మొదటి రెండు నెలలు ఒకే కుర్తీని ఇరవై ముప్పైసార్లు నడిపించి కరెంటు తగలేశాను. పరీక్షలో నిలిచిన కుట్టు తర్వాత పోతే మాత్రం సీడ్ మార్చి చూడవచ్చు.

పరీక్షలో పోతే చేసే పని వేరు. ముందు మొత్తం బొమ్మను తెప్పించుకుని 3072×4096కు పెంచుతాను. తర్వాత అసలు ఫొటోలోని 6 అంగుళాల మెడభాగాన్ని మాత్రమే 768 పిక్సెళ్ళ వెడల్పులో తీసుకుంటే అంగుళానికి 128 వస్తాయి, ఒక్కో కుట్టుకు 21 దక్కుతాయి. ఆ ముక్కను యంత్రం చేత మళ్ళీ గీయించకుండా, ఫొటోలు దిద్దే `GIMP`లో `Cage Transform`తో మేనకోడలి మెడ వంపుకు సర్ది, యంత్రం ఇచ్చిన నీడను పైన పల్చగా పరుస్తాను. ఆమె ఎదురుగా నిలబడినప్పుడు ఇది చక్కగా కుదురుతుంది. పక్కకు తిరిగితే పట్టీ ఒకవైపు ముడుచుకుంటుంది, అక్కడ అతుకు తెలిసిపోతుంది. చక్రాల వరుసకూ ఇదే చేస్తాను కానీ చేతి మడత కిందికి పోయేచోట గంటన్నర పడుతుంది, అంత ధర లేని కుర్తీకి ఆ శ్రమ దండగ.

హ్యాంగరు ఫొటోలో ఇస్త్రీ లేకపోతే ఇవేవీ పని చేయవు. ముడతను యంత్రం అచ్చులో భాగమనుకుని మనిషి మీద కూడా దించుతుంది.

దుకాణం పెట్టుకున్నవారు లైసెన్సు కూడా చూసుకోవాలి. నేను ఈ పని నేర్చుకున్న ఏఐ నమూనాలు `IDM-VTON`, `CatVTON` రెండూ `CC BY-NC-SA 4.0` కింద ఉన్నాయి, అంటే వ్యాపారానికి వాడకూడదు. అమ్మకం బొమ్మలకు వ్యాపార అనుమతి ఇచ్చే ఒక చెల్లింపు సేవను వాడుతున్నాను, అందులోనూ చక్రాల లెక్క తప్పుతూనే ఉంది. చీరలకు ఈ పద్ధతిని పూర్తిగా మానేశాను. కుచ్చిళ్ళలో అంచు ఎక్కడ దాగి ఎక్కడ తేలాలో దానికి తెలియదు కనుక, చీర వచ్చిన రోజు మేనకోడలినే పిలిచి కట్టుకోమంటున్నాను.