రబ్బరు బ్యాండు, డ్రమ్ము, బియ్యపు గింజలు: ఏళ్లపాటు వాడాక నా అభిప్రాయం

పిల్లలకు ధ్వని పాఠం చెప్పేటప్పుడు నేను ఏళ్లుగా వాడుతున్న ప్రయోగాలివి. వీటిలో అసలు పని చేసేది ఊహల పత్రమే. ప్రయోగానికి ముందు ‘ఏం జరుగుతుంది, ఎందుకు’ అని పిల్లలు పెన్నుతో రాయాలి. పెన్సిలు ఇస్తే ఫలితం చూశాక చెరిపి దిద్దేస్తారు.

పత్రంలో అందరూ ధైర్యంగా జవాబు రాసే ప్రశ్న ఒకటుంది: ‘రబ్బరు బ్యాండును ఎక్కువ సాగదీస్తే ధ్వని కీచుగా మారుతుందా?’ దాదాపు అందరూ అవుననే రాస్తారు. అప్పుడు ఒకే బ్యాండును మూత లేని అట్టపెట్టెకు ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా తగిలించి మీటిస్తాను. నిలువుగా పెట్టినప్పుడు బ్యాండు బాగా సాగుతుంది. అయినా ధ్వని వాళ్లు అనుకున్నంతగా మారదు. బిగువు పెరిగి, బ్యాండు సన్నబడటం కీచుదనాన్ని పెంచుతాయి. కానీ కంపించే భాగం కూడా పొడవవుతుంది కదా, అది తగ్గిస్తుంది. ఈ రెండు ప్రభావాలూ ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి.

బిగువు ప్రభావం ఒక్కటే వినాలంటే పొడవు మారకూడదు. బ్యాండు కింద రెండు పెన్సిళ్లు దూరంగా నిలిపి, వాటి మధ్య భాగాన్నే మీటాలి. రెండో చేత్తో పెన్సిలుకు అవతల ఉన్న భాగాన్ని పట్టి లాగితే ధ్వని స్పష్టంగా పైకి లేస్తుంది. బయట నాకు దొరికిన ఊహల పత్రాల్లో చాలావాటిలో ఈ తేడా ఉండదు. అందుకే ఆ ప్రశ్నను ‘పొడవు మారితే’, ‘పొడవు మారకుండా బిగిస్తే’ అని రెండుగా విడగొట్టుకున్నాను. పత్రానికి చేసిన మార్పుల్లో నాకు బాగా ఉపయోగపడింది ఇదే.

డ్రమ్ము మీద బియ్యపు గింజలు చల్లి, తాకకుండా కదిలించమంటే పిల్లల ఉత్సాహం చూడాలి. పక్కనే స్టీలు పళ్లెం పట్టుకుని గరిటెతో కొడితే గింజలు ఎగురుతాయి. పళ్లెం, డ్రమ్ము ఒకే బల్ల మీద ఉంటే మాత్రం కదలిక బల్ల గుండా వచ్చిందో, గాలి గుండా వచ్చిందో తేల్చలేం. పళ్లెం చేతిలోనే ఉండాలి. నోటితో ‘ఊ’ అనేటప్పుడు ఊపిరే గింజల్ని నెట్టవచ్చు కాబట్టి మధ్యలో అట్ట అడ్డం పెట్టిస్తాను. స్వరాన్ని కింది నుంచి మెల్లగా పైకి తీసుకెళ్తే, ఒకచోట గింజలు ఒక్కసారిగా చిందులేస్తాయి. అది డ్రమ్ము చర్మం తనంతట తాను కంపించే స్థాయి. అక్కడి నుంచి కాస్త పైకి వెళ్తే, అంతే గట్టిగా పాడినా గింజలు దాదాపు ఆగిపోతాయి.

బియ్యానికి ఉన్న పరిమితి బరువు. మెల్లని శబ్దానికి గింజ కదలదు. దాన్ని చూసి పిల్లలు ‘కంపనం లేదు’ అని రాసేస్తారు. అప్పుడు అదే చోట కాస్త పొడి ఉప్పు చల్లి మళ్లీ చూడమంటాను. తడి తగిలిన గింజలు చర్మానికి అంటుకుంటాయి, వాటిని ముందే తీసేయాలి. గింజలు ఎంత ఎత్తు ఎగిరాయో చూసి శబ్దం ఎంత బలమైనదో పోల్చవచ్చు, కానీ స్వరం మార్చకుండా ఉన్నప్పుడే. పత్రంలో ఈ షరతును నేను ప్రశ్న పక్కనే రాసి ఇస్తున్నాను.