స్కూటర్ గేర్ ఆయిల్: వరద నీళ్లలో తిరిగిన బండితో నా అనుభవం

ఈ 110 సీసీ స్కూటర్ మైలేజీ గురించి, పికప్ గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఊళ్లో సగం ఇళ్ల ముందు ఇదే బండి ఉంటుంది. ఏళ్ల తరబడి వాడాక నాకు దీని మీద ఉన్న కోపం ఒక్కటే. వెనక చక్రం పక్కన గేర్ బాక్సులో ఉండే ఆయిల్‌ని ఎవరూ పట్టించుకోరు, పట్టించుకునేలా బండినీ తయారు చేయలేదు. ఇంజన్ ఆయిల్‌కి డిప్‌స్టిక్ ఉంది. దీనికి అదీ లేదు, లెవెల్ చూసే అద్దమూ లేదు, మీటర్లో లైటూ లేదు. పట్టేది 120 మిల్లీలీటర్లు. ఇంజన్ ఆయిల్ మార్చినంత మాత్రాన ఇది మారదు, రెండూ వేరు వేరు గదులు.

గేర్లు లేని బండికి గేర్ ఆయిల్ ఏమిటని మా ఊళ్లో చాలామంది అడుగుతారు. మనం మార్చే గేర్లు లేవంతే. బెల్టు తిప్పే వెనక పుల్లీ వేగం తగ్గి చక్రానికి చేరాలంటే మధ్యలో రెండు జతల పళ్ల చక్రాలు ఉండాలి. అవి, వాటి బేరింగులు అన్నీ ఆ కాస్త ఆయిల్లోనే బతుకుతాయి. నా బండిలో వెనక చక్రానికి విడిగా బేరింగ్ కూడా లేదు. గేర్ బాక్సులోంచి వచ్చే షాఫ్ట్ చివరే చక్రం కూర్చుంటుంది. అంటే మన బరువు, వెనక కూర్చున్నవాళ్ల బరువు, కొబ్బరికాయల బస్తా బరువు అంతా ఆ షాఫ్ట్ బేరింగ్ మీదే.

మాది లంక ఊరు. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక వచ్చేటప్పటికే మా కాజ్‌వే మీదకి నీళ్లు ఎక్కేస్తాయి. 2022 జులైలో వరద పాతిక లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు బండ్లన్నీ ఏటిగట్టు మీదకి చేర్చాం. ఆ దారిలో చక్రం సగం మునిగేంత నీళ్లలోంచి బండి నడిచింది. గేర్ బాక్సుకి గాలి పీల్చుకోవడానికి పైన చిన్న గొట్టం ఉంటుంది, బ్రీదర్ అంటారు. పరుగెత్తి వేడెక్కిన గేర్ బాక్సు చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది. ఆ గొట్టం కొస నీళ్లలో ఉంటే లోపలికి వెళ్లేది నీళ్లే. పాతబడిన ఆయిల్ సీలు అంచుల్లోంచి కూడా ఇలాగే లాక్కుంటుంది.

వరద తీశాక బండిని సర్వీసుకి ఇచ్చాను. నీళ్లలో మునిగిందని చెప్పాను, గేర్ ఆయిల్ కూడా చూడండి అన్నాను. "దానికేం అవసరం లేదండి, అది సీలు వేసి ఉంటుంది" అన్నారు. ఇంజన్ ఆయిల్ మార్చారు, ఎయిర్ ఫిల్టర్ మార్చారు, కడిగి ఇచ్చారు. తర్వాత పాత బిల్లులన్నీ తీసి చూస్తే, బండి కొన్నప్పటి నుంచి ఒక్క దాంట్లోనూ గేర్ ఆయిల్ మాట లేదు. నా కోపం అసలు ఇక్కడ. నీళ్లకి తడిసి జారిన బెల్టు రెండు రోజుల్లో ఆరిపోయింది, బండి మామూలుగా లాగింది. అంతా బాగున్నట్టే అనిపించింది.

కొన్ని నెలలకి వెనక నుంచి సన్నగా గూమని మోత మొదలైంది. స్పీడు పెరిగేకొద్దీ మోత పెరిగేది. ఒక మెకానిక్ బెల్టు అన్నాడు, ఇంకొకాయన టైరు అన్నాడు. బెల్టు, రోలర్లు మార్చినా తగ్గలేదు. చివరికి పట్టుకున్నది మా గట్టు దగ్గర చిన్న షెడ్డు నడుపుకునే మెకానిక్ గారు. గట్టు మీద నుంచి వాలులో దిగుతూ ఇంజన్ ఆపమన్నారు. ఇంజన్ ఆగినా మోత ఆగలేదు. "ఆయ్, ఇది బెల్టు కాదండి. ఇంజన్ ఆగితే క్లచ్ వదిలేస్తుంది, బెల్టు తిరగదు. చక్రంతో పాటు తిరిగేది గేర్ బాక్సేనండి" అన్నారు. సెంటర్ స్టాండు వేసి చక్రాన్ని చేత్తో తిప్పితే లోపల గరగర తెలిసింది. చక్రాన్ని పట్టుకుని పక్కలకి ఊపితే ఆట కూడా ఉంది. వెనక బ్రేక్ కొన్నాళ్లుగా సరిగ్గా పట్టకపోవడానికి కారణం కూడా అప్పుడే బయటపడింది. షాఫ్ట్ ఊగి ఊగి సీలు అరిగి, ఆయిల్ బ్రేక్ డ్రమ్ములోకి దిగింది. షూలు తడిసి జారుతున్నాయి.

డ్రెయిన్ బోల్టు విప్పితే వచ్చింది పాల కాఫీ రంగు ద్రవం. విప్పి చూస్తే చక్రం షాఫ్ట్ బేరింగ్ రింగు మీద, గుండ్లు ఆనే చోట, గోధుమ రంగు మచ్చలు. బండి ఆగినప్పుడు నీళ్లు అడుగుకి చేరతాయి. అక్కడున్న గుండ్లు రాత్రంతా నీళ్లలో ఉండి తుప్పు పడతాయి. ఆ తుప్పు గుంటలే మోతకి మొదలు. బేరింగులు, సీళ్లు, బ్రేక్ షూలు, కూలీ కలిపి బిల్లు మూడు వేలు దాటింది. ఆయిల్ మార్చి ఉంటే వంద రూపాయల్లో పోయేది.

ఇప్పుడు ఈ పని నేనే చేసుకుంటున్నాను. బండిని నాలుగైదు నిమిషాలు నడిపి, సెంటర్ స్టాండు వేసి, బోల్టుల చుట్టూ మట్టి తుడుస్తాను. ముందు పైన పోసే బోల్టు విప్పాలి. అది రాకుండా మొండికేస్తే కింది ఆయిల్ తీసేసి చేసేదేమీ ఉండదు. పైది వచ్చాకే కింది డ్రెయిన్ బోల్టు. వచ్చిన ఆయిల్‌ని తెల్ల ప్లేటులో పట్టి చూస్తాను. సన్నటి బూడిద మెరుపు ఉంటే పర్లేదు. గోటికి తగిలే రేకులుంటే లోపల పళ్లో బేరింగో పోతోందని అర్థం. తెల్లగా పాలలా ఉంటే నీళ్లు. అలా వస్తే కొత్తది పోసి కాస్త దూరం నడిపి మళ్లీ మార్చాలి, ఒక్కసారికి నీళ్లన్నీ పోవు.

డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషరు వేసి బిగించేటప్పుడు బలం చూపించకూడదు. ఆ కేసు అల్యూమినియం, మర పోతే ఇంకో ఖర్చు. పోయడానికి మెడికల్ షాపులో దొరికే పెద్ద సిరంజి, చిన్న రబ్బరు గొట్టం చాలు. మాన్యువల్లో రాసినంతే పోయాలి. ఎక్కువైతే నురగ కట్టి బ్రీదర్లోంచో సీలు దాటో బ్రేకులోకి వస్తుంది. గ్రేడు కూడా మాన్యువల్ చూసే కొనాలి. కొన్ని బండ్లకి ఇంజన్‌లో పోసే 10W-30 ఆయిలే, కొన్నింటికి చిక్కటి గేర్ ఆయిల్. పక్కింటాయన బండికి పోసింది మనకి సరిపోతుందని లేదు.

బేరింగులు మార్చాక మోత పూర్తిగా పోయిందని మొదట్లో అందరికీ చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. యాభై దాటితే సన్నటి ఈల ఒకటి వినిపిస్తోంది. ఆ నీళ్ల ఆయిల్లో నడిచి పళ్లు కూడా కొంచెం అరిగాయని మెకానిక్ గారి మాట. పళ్ల సెట్టు మార్చాలంటే మళ్లీ పెద్ద ఖర్చు, ఈ కొబ్బరి రేటుకి ఇప్పుడే కాదు.

బండి చెడ్డదని నేను అనను. రాజమండ్రిలో సిమెంటు రోడ్ల మీద తిరిగేవాళ్లకి మాన్యువల్లో రాసిన గడువు సరిపోవచ్చు. మాలాగా లంకల్లోనో, ఉప్పునీటి చెరువుల గట్ల మీదో తిరిగేవాళ్లు మాత్రం ఆ కిలోమీటర్ల లెక్క చూడకండి. నీళ్లు చక్రం మధ్యకి వచ్చాయంటే, అందులోనూ ఉప్పునీళ్లైతే, ఆ వారంలోనే డ్రెయిన్ బోల్టు విప్పించి రంగు చూడండి. సర్వీసుకి ఇస్తే గేర్ ఆయిల్ పేరు బిల్లులో విడిగా రాయించుకోండి.