వోల్టేజ్ డివైడర్ సూత్రం: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

విశాఖలో ఇన్వర్టర్లు, చిన్న యూపీఎస్‌లు బాగుచేయడం నా పని. పనిలో మల్టీమీటర్ తర్వాత నేను ఎక్కువగా వాడేది ఈ సూత్రాన్నే:

Vout = Vin × R2 / (R1 + R2)

Vin వోల్టేజ్‌కి R1 పైన, R2 కింద వరసగా పెడితే, రెండూ కలిసే చోట వచ్చే వోల్టేజే Vout.

ఇన్నేళ్లలో దీని లెక్క మీద నాకు ఫిర్యాదు లేదు. దీనికున్న షరతును ఎవరూ గట్టిగా చెప్పకపోవడం మీదే ఫిర్యాదు. రెండు రెసిస్టర్లు కలిసే చోటు నుంచి ఇంకెవరూ కరెంటు లాగకూడదన్నది ఆ షరతు. పుస్తకంలో బొమ్మ గీసినప్పుడు అక్కడి తీగ ఖాళీగా వదిలేస్తారు. పనిలో మాత్రం ఆ తీగ దేనికో ఒకదానికి కలపడానికే ఉంటుంది.

మా వీధిలో డిప్లొమా చదివే కుర్రాడొకడు ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ వోల్టేజ్ ఫోన్‌లో కనిపించేలా నోడ్‌ఎంసీయూ అనే చిన్న వైఫై బోర్డుతో ఏర్పాటు చేసుకున్నాడు. "బాబాయ్, బ్యాటరీ కొత్తదే, అప్పుడే 10.1కి పడిపోయింది" అని టెన్షన్‌గా వచ్చాడు. నిజంగా 10.1 అయితే ఏదో సెల్ పోయినట్టే. వెళ్లి మీటర్ పెడితే టెర్మినల్స్ మీద 12.6 ఉంది.

వాడు పైన 390 కిలో ఓమ్స్, కింద 100 కిలో ఓమ్స్ పెట్టాడు. సూత్రం ప్రకారం మధ్యలో 2.57 వోల్టులు రావాలి, దాన్ని ప్రోగ్రామ్‌లో 4.9తో హెచ్చిస్తే 12.6 రావాలి. కానీ ఆ బోర్డులో వోల్టేజ్ చదివే A0 పిన్ లోపల ఇంకో డివైడర్ ఉంటుంది. చిప్ ఒక్క వోల్టు వరకే చదవగలదు కాబట్టి 220, 100 కిలో ఓమ్స్ వరసగా పెట్టి ఉంచుతారు. అంటే వాడి 100 కిలో ఓమ్స్ పక్కన 320 కిలో ఓమ్స్ సమాంతరంగా చేరింది. రెండూ కలిసి 76.2 కిలో ఓమ్స్ అవుతాయి. ఇప్పుడు అదే సూత్రంలో R2 స్థానంలో 76.2 వేస్తే 2.06 వోల్టులు వస్తుంది. 4.9తో హెచ్చించండి, 10.1. సూత్రం సరిగ్గానే పనిచేసింది, దానికి ఇచ్చిన R2 వేరు.

కరెంట్ డివైడర్ సూత్రం నాకు ఎక్కువగా ఇలాంటి చోటే అక్కరకొస్తుంది. పై రెసిస్టర్ గుండా 27 మైక్రో ఆంపియర్లు దిగుతున్నాయి. రెండు దారులున్నప్పుడు ఒక దారి వాటా రెండో దారి రెసిస్టెన్స్ మీద ఆధారపడుతుంది. కాబట్టి 100 కిలో ఓమ్స్‌కి 420లో 320 వంతులు, అంటే 20.6 మైక్రో ఆంపియర్లు. మిగతా 6.4 బోర్డు లాగేస్తోంది. సున్నా అనుకున్నది దాదాపు నాలుగో వంతు అయింది.

దీన్ని పట్టుకోవడం తేలికే. A0 తీగ ఊడదీసి మధ్య బిందువు కొలవండి, మళ్లీ కలిపి కొలవండి. రీడింగ్ పడిపోతే తేడా తర్వాతి దశ వల్లే. ఇక్కడ మీటర్ కూడా ఒక లోడేనని గుర్తుంచుకోవాలి. నా మీటర్ ఇన్‌పుట్ 10 మెగా ఓమ్స్, అది 2.55 చూపింది. వాడి చవకరకం పసుపు మీటర్ ఒక్క మెగా ఓమ్‌ది, 2.38 దగ్గరే ఆగింది. అది చూసి రెసిస్టర్లే బాగోలేవని వాడు అప్పటికే ఒకసారి మార్చేశాడు కూడా.

విలువలు వంద రెట్లు తగ్గించి 3.9, 1 కిలో ఓమ్స్ పెడితే పొరపాటు పావు శాతానికి దిగుతుంది. కానీ బ్యాటరీ నుంచి ఎప్పుడూ 2.6 మిల్లీ ఆంపియర్లు పోతుంటాయి, నెలకు దాదాపు 1.9 ఆంపియర్ అవర్. 150 ఆంపియర్ అవర్ బ్యాటరీకి అదో లెక్క కాదు. మూలన పడున్న 7 ఆంపియర్ అవర్ యూపీఎస్ బ్యాటరీకి మాత్రం నెలలో పావు వంతు ఖాళీ. డివైడర్ నుంచి కరెంటు దాదాపు లాగకుండా అదే వోల్టేజ్‌ని బోర్డుకి అందించే ఆప్-ఆంప్ బఫర్ మధ్యలో పెట్టొచ్చు, అయితే అందరి దగ్గరా ఉండే ఎల్ఎం358 వద్దు. 3.3 వోల్టుల సప్లై మీద దాని అవుట్‌పుట్ 2 వోల్టుల దాకా కూడా ఎక్కదు.

వాడికి నేను చేసిచ్చింది ఇంకా సులువైనది. బయటి 100 కిలో ఓమ్స్ పూర్తిగా తీసేసి, పైన 1.2 మెగా ఓమ్స్ ఒక్కటే ఉంచాను. బోర్డు లోపలి రెసిస్టర్లే కింది భాగమయ్యాయి, 15.2 వోల్టుల దాకా చదువుతుంది. లోపలి రెసిస్టర్ల విలువ కాస్త అటూ ఇటూ ఉంటుంది కాబట్టి ఒకసారి మీటర్‌తో సరిచూసి ప్రోగ్రామ్‌లో అంకె దిద్దాలి.

ఇంత పెద్ద విలువలతో మన సముద్రపు గాలికి ఒక చిక్కుంది. సోల్డర్ ఫ్లక్స్ కడగకుండా వదిలేస్తే తేమ పట్టి 1.2 మెగా ఓమ్స్ పక్కన ఇంకో దారి ఏర్పడుతుంది. అది 20 మెగా ఓమ్స్‌ది అయినా చాలు, 12.6 కాస్తా 13.2గా కనిపిస్తుంది. వానాకాలంలో ఛార్జర్ ఆపి ఉన్నా రీడింగ్ పెరుగుతుంటే బ్యాటరీని కాదు, బోర్డును చూడండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఆరనిచ్చి, పైన వార్నిష్ పూత వేయాలి.