ఫుట్‌బాల్ క్విజ్‌కు ఏది మేలు: బజరా, చీటీలా, మెట్ల క్లూలా?

వరల్డ్ కప్ చరిత్ర మీద ఇంట్లో క్విజ్ పెట్టాలంటే ఏ పద్ధతి బాగుంటుందని కావలి ఫ్రెండ్స్ ఒకరి తర్వాత ఒకరు అడుగుతున్నారు. పోయిన నెల మా మిద్దె మీద ఎనిమిది మందిమి ఆడాం, మూడూ చూశాం కాబట్టి చెప్తున్నా.

మొదట బజర్, అంటే ముందు ఎవరు స్టీలు ప్లేటు కొడితే వాళ్లదే ఛాన్స్. పది నిమిషాలు భలే సందడి. కానీ మా బాబాయి కొడుకు ఒక్కడే పన్నెండు ప్రశ్నల్లో తొమ్మిది కొట్టేశాడు, మిగతా వాళ్లకు జవాబు తెలిసినా సందు దొరకలేదు. "ఏందన్నా, మేము చూసిపోవడానికి వచ్చామా?" అన్నాడు ఒక తమ్ముడు, నిజమే కదా.

అందరూ చీటీల మీద రాసిస్తే ఆ అన్యాయం పోతుంది, కానీ పరీక్ష హాల్లా నిశ్శబ్దమైపోతుంది.

నా ఓటు మెట్ల క్లూలకు. ఒక్కో ప్రశ్నకు అయిదు క్లూలు, కష్టమైనది ముందు. మొదటి క్లూకే చీటీ ఇస్తే 5 పాయింట్లు, తర్వాత ఒక్కోటి తగ్గుతూ చివరికి 1. చీటీ ఇచ్చాక మార్చకూడదు, తప్పయితే సున్నా. ఇక్కడే ఉంది అసలు సంగతి: బాగా తెలిసినవాడు తొందరపడి పోగొట్టుకోవచ్చు, తెలియనివాడు ఓపిక పట్టి కనీసం ఒకటి తెచ్చుకోవచ్చు.

మేం ఆడిన ఒకటి చూడండి, ఇది ఏ సంవత్సరం కప్పు? ఉత్తర కొరియా ఇటలీని 1-0తో ఓడించింది. యుసేబియో 9 గోల్స్ కొట్టాడు. టోర్నీకి ముందు పోయిన ట్రోఫీని పికిల్స్ అనే కుక్క కనిపెట్టింది. ఫైనల్ ఎక్స్‌ట్రా టైమ్‌కు వెళ్లి 4-2తో ముగిసింది. ఇంగ్లండ్ సొంత గడ్డపై గెలిచింది. జవాబు 1966. కుక్క దగ్గరికి రాగానే నాలుగు చీటీలు ఒకేసారి వచ్చాయి, అంటే దాన్ని ఇంకా కిందికి దించి ఉండాల్సింది. క్లూల వరుస సరిగా లేదని తెలిసేది ఇలాగే.

నాలుగు ఆప్షన్ల పద్ధతి చిన్నపిల్లలుంటే సరిపోతుంది, అంతే.

పద్ధతి ఏదైనా ప్రశ్న పాతబడిందేమో చూసుకోండి. "ఫైనల్లో హ్యాట్రిక్ కొట్టిన ఏకైక ఆటగాడు ఎవరు?" అని ఒక పాత పుస్తకంలోంచి ఎత్తుకొచ్చాను, జెఫ్ హర్స్ట్ అని. 2022లో ఎంబాపె కూడా కొట్టాడని ఒకరు లేచారు, 2015 మహిళల ఫైనల్లో కార్లీ లాయిడ్ సంగతేంటని ఇంకొకరు. ఇద్దరిదీ న్యాయమే. ప్రశ్న రద్దు చేసి ఇంకోటి అడిగాను. ఇప్పుడు ప్రతి ప్రశ్నలో పురుషుల కప్పా మహిళల కప్పా, ఏ సంవత్సరం వరకు అన్నది ముందే రాసిపెట్టుకుంటున్నా, 'ఏకైక' అన్న మాట కనిపిస్తే రెండుసార్లు చూస్తున్నా.