స్మిత్ ప్రిడిక్టర్‌తో ఆరేళ్లు: ఒక కాగితం మిల్లు జీఎస్ఎం లూప్ సమీక్ష

వరంగల్‌కు కొంత దూరంలో, పాత అట్టపెట్టెలను నానబెట్టి క్రాఫ్ట్ కాగితం తయారు చేసే ఒక చిన్న మిల్లులో నేను ఇన్‌స్ట్రుమెంట్ విభాగం చూస్తున్నాను. కాగితం బరువును, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో చెప్పే జీఎస్ఎంను అదుపు చేసే లూప్‌లో ఆరేళ్ల కిందట మామూలు పీఐ కంట్రోలర్‌ను తీసి స్మిత్ ప్రిడిక్టర్‌ను పెట్టాము. దానిని కొనాలా వద్దా అని అడిగే తోటి ఇంజనీర్ల కోసం నా అనుభవాన్ని ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఇబ్బంది ఎక్కడుందో చెప్పాలి. గుజ్జును వదిలే స్టాక్ వాల్వ్ యంత్రానికి ఒక కొసన ఉంటే, బరువును కొలిచే స్కానర్ రెండో కొసన, రీల్ దగ్గర ఉంటుంది. కాగితం ఆరిన తరువాతే దాని బరువుకు అర్థం ఉంటుంది కనుక స్కానర్‌ను ముందుకు జరపడం కుదరదు. వైర్, ప్రెస్, డ్రైయర్ సిలిండర్ల మీదుగా కాగితం నడిచే దారి మా యంత్రంలో 150 మీటర్లు ఉంటుంది. నిమిషానికి 150 మీటర్ల వేగంతో నడిచినప్పుడు దానికి 60 సెకన్లు పడుతుంది. గుజ్జు పైపులో నడిచే సమయమూ, స్కానర్ సగటు తీసే సమయమూ కలిపితే ఇంకో 20. అంటే వాల్వ్‌ను కదిపిన తరువాత 80 సెకన్ల పాటు స్కానర్‌లో ఏ మార్పూ కనబడదు. దీనినే డెడ్ టైమ్ అంటాము.

మందకొడి ప్రాసెస్ వేరు, డెడ్ టైమ్ వేరు. మందకొడి ప్రాసెస్‌లో మార్పు కొద్దికొద్దిగానైనా వెంటనే మొదలవుతుంది కనుక కంట్రోలర్‌కు ఆనవాలు దొరుకుతుంది. డెడ్ టైమ్‌లో ఏ ఆనవాలూ ఉండదు. పీఐ కంట్రోలర్‌లోని ఇంటిగ్రల్ భాగం ‘తక్కువగానే ఉంది’ అనుకుంటూ వాల్వ్‌ను తెరుస్తూనే పోతుంది. మొదటి సవరణ ఫలితం కనబడే నాటికి అవసరానికి మించిన గుజ్జు దారిలో ఉంటుంది. అప్పుడు వెనక్కి లాగడం మొదలవుతుంది, అదీ ఆలస్యంగానే. మా పాత లూప్‌ను కాస్త బిగించినప్పుడల్లా జీఎస్ఎం నాలుగున్నర నిమిషాలకు ఒకసారి పైకీ కిందికీ ఊగేది. ఊగకుండా ఉండాలంటే గెయిన్‌ను 0.1 లోపు ఉంచాల్సి వచ్చేది, అప్పుడు 120 జీఎస్ఎం నుంచి 126కు మారడానికి ఏడు నిమిషాలకు దగ్గరగా పట్టేది.

ఏ కంట్రోలర్‌కూ దాటరాని హద్దు కూడా ఇక్కడే ఉంది. గుజ్జు చిక్కదనం హఠాత్తుగా మారితే ఆ సంగతి స్కానర్‌కు తెలిసేసరికే 80 సెకన్ల కాగితం, అంటే 200 మీటర్లు, తప్పు బరువుతో దారిలోకి వచ్చేసి ఉంటుంది. స్మిత్ ప్రిడిక్టర్ కూడా ఆ 200 మీటర్లను కాపాడలేదు. అమ్మేవాళ్లు ఈ మాటను గట్టిగా చెప్పరు కనుక నేను చెబుతున్నాను. ఆ నష్టాన్ని తగ్గించాలంటే చిక్కదనాన్ని వాల్వ్‌కు ముందే కొలిచి సరిచేయాలి. అది వేరే లూప్ పని.

మరి ప్రిడిక్టర్ చేసేదేమిటి? బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఓటో స్మిత్ 1957లో ప్రచురించిన ఆలోచన ఇది. కంట్రోలర్ లోపల ప్రాసెస్ నమూనాను రెండు రూపాల్లో నడుపుతారు. ఒకటి డెడ్ టైమ్ లేనిది: వాల్వ్ కదలగానే జీఎస్ఎం ఎంతకు చేరబోతుందో వెంటనే చెబుతుంది. రెండోది అదే విలువను 80 సెకన్లు జ్ఞాపకంలో దాచి తరువాత బయటపెడుతుంది. కంట్రోలర్‌కు అందే ఫీడ్‌బ్యాక్ ఇలా తయారవుతుంది:

```
fb = y0 + (y - yd)
```

ఇందులో `y0` డెడ్ టైమ్ లేని అంచనా, `yd` దాచి ఉంచిన పాత అంచనా, `y` స్కానర్ చూపే విలువ. నమూనా సరిగ్గా ఉంటే `y`, `yd` ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి కనుక కంట్రోలర్ డెడ్ టైమ్ లేని ప్రాసెస్‌ను నడుపుతున్నట్టే పనిచేస్తుంది. తాను ఇప్పటికే పంపిన సవరణ దారిలో ఉందని దానికి తెలుసు, అందుకే అదే సవరణను మళ్లీ మళ్లీ చేయదు. ఆ రెండింటి మధ్య మిగిలే తేడా మాత్రం నిజమైన బయటి అలజడి; అది యథాతథంగా కంట్రోలర్‌కు చేరుతుంది.

నమూనా కోసం బంప్ టెస్ట్ చేశాము. లూప్‌ను మాన్యువల్‌లో ఉంచి వాల్వ్‌ను 3 శాతం తెరిస్తే జీఎస్ఎం 120 నుంచి 126కు చేరింది, అంటే ఒక శాతానికి 2 జీఎస్ఎం. కదలిక 80వ సెకనులో మొదలైంది, మార్పులో 63 శాతం 110వ సెకనుకు పూర్తయింది కనుక టైమ్ కాన్‌స్టంట్ 30 సెకన్లు.

మొదట్లో ఆశకు పోయి, లూప్ స్పందన కాలం 15 సెకన్లు ఉండేలా గెయిన్‌ను 1.0కు పెంచాను. వేసవి అంతా ముచ్చటగా నడిచింది. వానాకాలం రాగానే అసలు సంగతి బయటపడింది. మా బాయిలర్ చుట్టుపక్కల రైసుమిల్లుల ఊకతో మండుతుంది. ఊక తడిస్తే స్టీమ్ తగ్గుతుంది, కాగితం ఆరడానికి యంత్రం వేగాన్ని 100 మీటర్లకు దించుతారు. అప్పుడు దారి 90 సెకన్లు, మొత్తం డెడ్ టైమ్ 110. నమూనా మాత్రం 80 దగ్గరే ఆగి ఉంది. రాత్రి షిఫ్ట్ ఆపరేటర్ ఫోన్ చేసి, “ఇది మునుపటి లెక్క ఊగుతలేదు సారూ, వణుకుతాంది” అన్నాడు. రోగ నిర్ధారణ అంతా ఆ ఒక్క మాటలో ఉంది. పీఐ బిగుసుకుంటే నాలుగున్నర నిమిషాల నెమ్మది ఊపు వస్తుంది. ప్రిడిక్టర్ నమూనాలో డెడ్ టైమ్ తప్పితే ఒకటిన్నర నిమిషం లోపే తిరిగొచ్చే చురుకైన ఊపు వస్తుంది. ట్రెండ్‌లో ఆ వ్యవధిని కొలిస్తే చాలు, గెయిన్ జోలికి వెళ్లాలో నమూనా జోలికి వెళ్లాలో తెలిసిపోతుంది.

మాకు అమ్మిన బ్లాక్‌లో డెడ్ టైమ్ ఒక స్థిర సంఖ్య మాత్రమే, దాన్ని నడుస్తుండగా మార్చే వీలు లేదు. ఈ బ్లాక్‌పై నా పెద్ద ఫిర్యాదు ఇదే. చివరకు పీఎల్‌సీలో మేమే రాసుకున్నాము: డెడ్ టైమ్‌ను యంత్రం వేగం నుంచి `20 + 9000/v` సెకన్లుగా లెక్కిస్తాము, ఇక్కడ `v` నిమిషానికి మీటర్లలో. వేగం తగ్గితే అదే గుజ్జు తక్కువ కాగితం మీద పడుతుంది కనుక, నమూనా గెయిన్‌ను కూడా `150/v`తో గుణించాము. స్పందన కాలాన్ని 40 సెకన్లకు పెంచాము. డెడ్ టైమ్‌లో రాగల అతి పెద్ద పొరపాటు కంటే అది ఎక్కువగా ఉండాలన్నది నేను పాటించే లెక్క. గెయిన్ 0.375 అయింది, పాత పీఐ గెయిన్‌కు నాలుగింతలు. జీఎస్ఎం మార్పు ఇప్పుడు నాలుగు నిమిషాల్లో ముగుస్తోంది.

ఇంకొక్క జాగ్రత్త ఉంది. కాగితం తెగినప్పుడు స్కానర్ విలువకు అర్థం ఉండదు. ఆ సమయంలో లూప్ మాన్యువల్‌కు పోవాలి, నమూనా మాత్రం వాల్వ్ స్థానాన్ని చూస్తూ నడుస్తూనే ఉండాలి. మేము మొదట నమూనాను కూడా ఆపేశాము. కాగితం మళ్లీ ఎక్కగానే పాత అంచనాకూ కొత్త కొలతకూ మధ్య తేడా ఒక్కసారిగా మీదపడి వాల్వ్ ఎగిరేది.

డెడ్ టైమ్ టైమ్ కాన్‌స్టంట్‌లో సగం కూడా లేని లూప్‌లకు నేను దీనిని సిఫారసు చేయను, అక్కడ సరిగా ట్యూన్ చేసిన పీఐ చాలు. మా జీఎస్ఎం లూప్ నుంచి మాత్రం తీసేయను. డ్రైయర్ విభాగంలో మార్పు జరిగిన ప్రతిసారీ బంప్ టెస్ట్ మళ్లీ చేస్తాము. కిందటిసారి పూర్తి వేగంలో డెడ్ టైమ్ 83 సెకన్లు వచ్చింది, ఫార్ములాలోని 20ని 23 చేశాము.