ఇల్లు గుర్తుంది, సీరియల్ పేరు గుర్తులేదు: ఎటు నుంచి వెతకడం మేలు?

పేరు మరచిపోయిన సీరియల్‌ను అందులో కనిపించిన ఇంటిని బట్టి పట్టుకోగలమా అని పాఠకులు తరచూ అడుగుతున్నారు. దారులు ప్రధానంగా రెండు. ఆ కట్టడం ఏ ప్రాంతానిదో తేల్చుకొని అక్కడ ఏవేవి తీశారో చూడటం ఒకటి. ప్రసారమైన కాలాన్నీ ఛానెల్‌నూ పట్టుకొని ఒక్కొక్క సీరియల్‌నూ వడపోయడం మరొకటి. ఏది మేలన్నది, నా దృష్టిలో, ఆ కట్టడంలో ఎన్ని చిత్రీకరణలు జరిగాయన్న దానిపైనే ఆధారపడుతుంది. రామోజీ ఫిల్మ్ సిటీలోని రైల్వే స్టేషన్ సెట్ ఎన్నో సినిమాల్లో, సీరియళ్లలో కనిపిస్తుంది కనుక, గుర్తున్నది అదే అయితే రెండో దారి తప్ప గత్యంతరం లేదు.

జనం నివసించే పాత ఇల్లయితే మాత్రం నా ఓటు మొదటి దారికే. ఒకరికి 1980లలో దూరదర్శన్‌లో చూసిన పెంకుటిల్లు, చెక్క స్తంభాలు, నడుమ ఆకాశం కనిపించే వాకిలి, చిన్న రైల్వే స్టేషన్ గుర్తున్నాయనుకుందాం. తెలుగువారికి ముందుగా తట్టేది మండువా లోగిలి కాబట్టి వారు గోదావరి జిల్లాల్లో వెతకడం మొదలుపెడతారు. అయితే చుట్టూ కొండలు, దట్టమైన పచ్చదనం, ఎడతెగని వాన కూడా గుర్తుంటే చూడవలసింది కర్ణాటకలోని మలెనాడు. అక్కడి ఆగుంబెలో ‘దొడ్డ మనె’ అనే ఇల్లుంది; శంకర్ నాగ్ దర్శకత్వంలో 1986లో మొదలైన ‘మాల్గుడి డేస్’లో కనిపించే ఇల్లు అదే.

చిక్కంతా స్టేషన్‌తోనే వస్తుంది. ఆగుంబెకు రైలు మార్గమే లేదు. ఆ దృశ్యాలను అదే శివమొగ్గ జిల్లాలోని అరసాలు స్టేషన్‌లో తీశారు. తెరపై ఒకే ఊరిగా కనిపించినవన్నీ ఒకే చోట ఉంటాయనుకొని, స్టేషన్ లేదన్న కారణంగా ఆగుంబెను కొట్టివేస్తే చేతికందిన జవాబు జారిపోతుంది. అందుచేత ఇంటినీ, వీధినీ, బడినీ విడివిడిగా వెతకాలి. బోర్డు మీద చదివినట్టు గుర్తున్న పేరునూ నమ్మరాదు, ఎందుకంటే కళా విభాగం ముందుగా మార్చేది దానినే. మాల్గుడి అసలు కల్పిత పట్టణం. గోడల రంగునూ నమ్మరాదు. స్తంభాల వరుస, మెట్లు ఎటువైపు ఉన్నాయన్నది, కప్పు వాలు అంత తేలికగా మారవు కాబట్టి దొరికిన ఎపిసోడ్‌ను జ్ఞాపకంతో వాటి ఆధారంగానే సరిపోల్చుకోవాలి.

ఫొటోతో వెతికే పద్ధతికి చేతిలో ఒక్క దృశ్యమైనా ఉండాలి. గూగుల్ మ్యాప్స్‌లో వీధుల ఫొటోలు చూపే స్ట్రీట్ వ్యూ మన దేశంలో 2022లో, అదీ కొన్ని నగరాలతోనే మొదలైంది కనుక అంతకుముందే రూపు మారిన పాత కట్టడాలకు దానివల్ల ఒరిగేది తక్కువ.