క్లౌడ్ గేమింగ్‌కి వైఫైనా, లాన్ కేబులా?

క్లౌడ్ గేమ్ నడిచేది ఎక్కడో సర్వర్‌లో. మీరు బటన్ నొక్కితే అది అక్కడికి వెళ్లి, ఫలితం వీడియోగా తిరిగొస్తుంది. ఆ వెళ్లిరావడానికి పట్టే సమయమే పింగ్. 1080p, 60 ఫ్రేములకు జిఫోర్స్ నౌ అనే క్లౌడ్ గేమింగ్ సర్వీసు అడిగేది 25 ఎంబీపీఎస్, 80 మిల్లీసెకన్ల లోపు పింగ్. 40 లోపుంటే హాయి. 100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉంటే స్పీడ్ గురించి టెన్షన్ అక్కర్లేదు, చూడాల్సింది ఆలస్యమే.

ఖర్చు: వైఫైకి ఏమీ లేదు. కేబుల్‌కి కొన్ని వందలు, గోడకో రంధ్రం (ఓనరు ఒప్పుకుంటే).

రిస్క్: వైఫైలో పింగ్ ఉన్నట్టుండి ఎగురుతుంది. సినిమానైతే బఫర్ కాపాడుతుంది, గేమ్‌కి ఆ వీలుండదు. కేబుల్‌లో నిలకడగా ఉంటుంది.

విండోస్‌లో `ping -t 192.168.1.1` అని మీ రూటర్ అడ్రస్‌తో కొట్టి చూడండి. 2, 3 మిల్లీసెకన్లు వస్తూ వస్తూ అప్పుడప్పుడూ 90 కనిపిస్తే తేడా వైఫైలోనే ఉన్నట్టు.

రూటరున్న గదిలోనే, 5 గిగాహెర్ట్జ్ మీద, నింపాదిగా ఆడే గేములకు వైఫై చాలు. షూటింగ్ గేములకు, గోడ అవతలి గదికి కేబులే. సర్వర్ దూరమై పింగ్ 100 దాటితే మాత్రం కేబుల్ వేసినా దండగే.